ఒకే గోడౌన్, నాలుగు నిల్వలు: సైకిల్, సేఫ్టీ, యాంటిసిపేషన్, పైప్‌లైన్ స్టాక్‌లను లెక్కగట్టి విడదీయడం ఎలా?

రోజుకు ఒక మాత్ర వేసుకోవలసిన మనిషిని ఊహించుకోండి. ఆయన నెలకోసారి 30 మాత్రలు తెప్పించుకుంటాడు. రోజూ ఒకటి తగ్గుతుంది, నెలాఖరుకు మళ్లీ 30 వస్తాయి. ఇది సైకిల్ స్టాక్. పార్సిల్ ఒక్కోసారి ఆలస్యమవుతుందని ఐదు మాత్రలు విడిగా డబ్బాలో దాచుకుంటాడు. అది సేఫ్టీ స్టాక్. వచ్చే నెల 20 రోజులు ప్రయాణం ఉంది, వెళ్లే చోట ఈ మందు దొరకదు. అందుకని ముందే 20 మాత్రలు అదనంగా కొని పెట్టుకుంటాడు. అది యాంటిసిపేషన్ స్టాక్. ఆర్డర్ పెట్టాక పార్సిల్ చేరడానికి 3 రోజులు పడుతుంది. డబ్బు కట్టేశాడు, మందు ఇంకా చేతికి రాలేదు. దారిలో ఉన్న ఆ మందు పైప్‌లైన్ స్టాక్.

మాత్రలన్నీ ఒకే రకం. వాటిని ఒకే డబ్బాలో కలిపేస్తే ఏది ఏ నిల్వో చూసి చెప్పలేం. కామర్స్ విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇవి నాలుగు రకాల సరుకులనో, గోడౌన్‌లో నాలుగు వేర్వేరు కుప్పలనో అనుకుంటారు. నిజానికి ఇవి నిల్వ ఉంచడానికి ఉన్న నాలుగు కారణాలు. కారణం వేరు కాబట్టి లెక్కగట్టే తీరు వేరు, తగ్గించే మార్గమూ వేరు. నిర్వచనాలను కంఠస్థం చేసే బదులు ఒక సరుకును తీసుకుని ఆ నాలుగు కారణాలనూ లెక్కతో విడదీయడం నేర్చుకుంటే ఈ పాఠం మరి మరచిపోరు.

మనం తీసుకునే సరుకు నోటు పుస్తకం.

మొదటి మెట్టు: నాలుగు అంకెలు సేకరించండి

ఒక వ్యాపారి ఒకే రకం నోటు పుస్తకాలు అమ్ముతాడు. మామూలు రోజుల్లో సగటున రోజుకు 40 పుస్తకాలు పోతాయి. ముద్రణాలయం నుంచి ఒక్కో ఆర్డర్‌కు 400 తెప్పిస్తాడు. ఆర్డర్ పెట్టిన 4 రోజులకు సరుకు దిగుతుంది. దీన్నే లీడ్ టైమ్ అంటారు. అమ్మకం రోజూ సరిగ్గా 40 ఉండదు. ఒకరోజు 28, మరోరోజు 53. ఈ ఊగిసలాటను కొలిచే ప్రామాణిక విచలనం రోజుకు 10 పుస్తకాలు అనుకుందాం.

రోజువారీ అమ్మకం, ఆర్డర్ పరిమాణం, లీడ్ టైమ్, అమ్మకంలో ఊగిసలాట. ఈ నాలుగూ స్టాక్ రిజిస్టర్‌లోనే దొరుకుతాయి. కాకపోతే ఒక జాగ్రత్త అవసరం. సరుకు అయిపోయిన రోజున రిజిస్టర్‌లో అమ్మకం సున్నా అని ఉంటుంది. అంటే అడిగినవాళ్లు లేరని కాదు, ఇవ్వడానికి పుస్తకం లేదని. అలాంటి రోజులను సగటులో కలిపితే గిరాకీ అసలు కంటే తక్కువగా తేలుతుంది. కాబట్టి వాటిని పక్కన పెట్టి సగటు తీయండి.

రెండో మెట్టు: సైకిల్ స్టాక్

రోజుకు 40 పోతున్నా ఆయన రోజుకు 40 చొప్పున తెప్పించడు. ప్రతి ఆర్డర్‌కూ రవాణా, దింపుడు, బిల్లు పని ఉంటాయి. అందుకే ఒకేసారి 400 తెస్తాడు. గంపగుత్తగా తెచ్చి కొద్దికొద్దిగా అమ్మడం వల్ల మిగిలి ఉండేదే సైకిల్ స్టాక్. సరుకు దిగిన రోజున 400, పదో రోజుకు సున్నా. మధ్యలో ఒకే వేగంతో తగ్గుతుంది కాబట్టి సగటు నిల్వ అందులో సగం, అంటే 200.

సైకిల్ స్టాక్ = ఆర్డర్ పరిమాణం ÷ 2 = 400 ÷ 2 = 200

ఇందులో రోజువారీ అమ్మకం ప్రస్తావన లేదు, గమనించండి. రోజుకు 40 అమ్మినా 80 అమ్మినా ఒక్కో ఆర్డర్ 400 అయితే సగటు సైకిల్ స్టాక్ 200 మాత్రమే. అమ్మకం పెరిగితే చక్రం త్వరగా తిరుగుతుంది, అంతే. కనుక దీన్ని తగ్గించాలంటే ఆర్డర్ పరిమాణాన్ని తగ్గించడమే దారి. ఆర్డర్ చిన్నదైతే ఆర్డర్ల సంఖ్య పెరుగుతుంది, ఆ ఖర్చు పెరుగుతుంది. ఈ రెండింటినీ తూచే సూత్రాన్నే మీరు ఈఓక్యూ పేరుతో చదువుతారు. అమెరికన్ ఇంజనీరు ఫోర్డ్ హ్యారిస్ దాన్ని 1913లో ప్రచురించాడు. ఆ సూత్రం తేల్చేది సైకిల్ స్టాక్ ఒక్కదాన్నే. మిగతా మూడు నిల్వల గురించి అది ఏమీ చెప్పదు. ఈఓక్యూ లెక్క చేయగానే నిల్వ సమస్య తీరిపోయిందనుకోవడం పొరపాటు.

మూడో మెట్టు: పైప్‌లైన్ స్టాక్

ఆర్డర్‌కూ సరుకు దిగడానికీ మధ్య 4 రోజులు. ఆ నాలుగు రోజుల్లో 160 పుస్తకాలు అమ్ముడవుతాయి. పైప్‌లైన్ స్టాక్ సగటు కూడా అదే.

పైప్‌లైన్ స్టాక్ = రోజువారీ అమ్మకం × లీడ్ టైమ్ = 40 × 4 = 160

విద్యార్థులు ఇక్కడ తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. వేయాలి కూడా. దారిలో ఉండేది 400 పుస్తకాల లోడు కదా, 160 ఎక్కడిది? రోజులవారీగా చూడండి. పది రోజుల చక్రంలో 4 రోజులు దారిలో 400 ఉంటాయి, మిగతా 6 రోజులు ఏమీ ఉండవు. 400 × 4 ÷ 10 = 160. ఆర్డర్‌ను 800 చేసినా ఇదే వస్తుంది. అప్పుడు చక్రం 20 రోజులు, అందులో 4 రోజులు 800 దారిలో ఉంటాయి. 800 × 4 ÷ 20 మళ్లీ 160. పైన మాత్రల పార్సిల్ కూడా ఇంతే. నెలలో 3 రోజులు 30 మాత్రలు దారిలో ఉంటాయి, సగటున 3.

అంటే పైప్‌లైన్ స్టాక్‌కు ఆర్డర్ పరిమాణంతో నిమిత్తం లేదు. ప్రవాహం ఎంత, ప్రయాణం ఎంత అన్నవే లెక్క. ఒక వ్యవస్థలో సగటున ఉండే వస్తువుల సంఖ్య, అవి వచ్చే వేగాన్ని లోపల గడిపే సమయంతో గుణిస్తే వస్తుందని జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించాడు. పైప్‌లైన్ లెక్క ఆ నియమానికి నేరుగా దిగివచ్చిన రూపమే.

ఒక పెద్ద ఉదాహరణ చూద్దాం. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడలపై దాడులు మొదలయ్యాక చాలా రవాణా సంస్థలు సూయజ్ కాలువను వదిలి, ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లడం మొదలుపెట్టాయి. ఆసియా నుంచి ఐరోపాకు వెళ్లే సరుకుకు దాదాపు పది రోజుల ప్రయాణం అదనంగా పడింది. రోజుకు 500 యంత్రాలు అమ్మే సంస్థకు అప్పుడు అదనంగా 5,000 యంత్రాలు సముద్రంపై ఉంటాయి. అమ్మకం ఒక్కటీ పెరగలేదు, గోడౌన్‌లో ఒక్కటీ ఎక్కువ కనిపించదు. అయినా అన్ని యంత్రాల విలువ అందులో ఇరుక్కుంది.

గోడౌన్‌లో కనిపించదు కాబట్టే పైప్‌లైన్ స్టాక్‌ను లెక్కల పుస్తకంలో మరచిపోవడం సులువు. సంవత్సరాంతంలో గోడౌన్‌కు వెళ్లి చేత్తో లెక్కించేవారికి దారిలోని లోడు కంటపడదు. అది ఎవరి నిల్వ అన్నది కొనుగోలు ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు ఎఫ్ఓబీ పద్ధతిలో సరుకు ఓడ ఎక్కిన తర్వాత నష్టభయం కొన్నవారిదే. అలాంటి లోడు జనవరిలో చేరుతుందని డిసెంబరు ముగింపు నిల్వలో చూపకపోతే, కొనుగోలు మాత్రం డిసెంబరులోనే నమోదైతే, ఆ ఏడాది లాభం ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది.

నాలుగో మెట్టు: సేఫ్టీ స్టాక్

ఇక్కడ కాస్త నిదానంగా నడవాలి. మిగతా మూడు నిల్వలూ మనకు తెలిసిన విషయాల మీద ఆధారపడతాయి. సేఫ్టీ స్టాక్ ఒక్కటే తెలియని దాని కోసం ఉంచేది.

ఆర్డర్ పెట్టిన తర్వాతి 4 రోజులే ప్రమాదకాలం. అంతకుముందు అమ్మకం ఎక్కువైతే ఆర్డర్ ఒకరోజు ముందే పెడతాం, ఇబ్బంది లేదు. ఆర్డర్ పెట్టేశాక మాత్రం చేతిలో ఉన్నదానితోనే నెట్టుకురావాలి. ఆ 4 రోజుల్లో సగటున 160 పోతాయి. సరిగ్గా 160 ఉన్నప్పుడు ఆర్డర్ పెడితే ఏమవుతుంది? అమ్మకం సగటు కన్నా ఎక్కువయ్యే అవకాశం సుమారు సగం కాబట్టి రెండు చక్రాలకోసారి సరుకు అయిపోతుంది.

ఒక్కరోజు ఊగిసలాట 10 పుస్తకాలు. నాలుగు రోజులకు 40 కాదు, 20 మాత్రమే. ఒకరోజు ఎక్కువ పోతే మరోరోజు తక్కువ పోయి కొంత సర్దుకుంటుంది. అందుకే రోజుల సంఖ్యతో కాకుండా దాని వర్గమూలంతో గుణిస్తాం: 10 × √4 = 20.

ఇప్పుడు సేవా స్థాయిని నిర్ణయించుకోవాలి. వంద చక్రాల్లో 95 చక్రాలు సరుకు అయిపోకుండా గడవాలనుకుంటే ప్రామాణిక సాధారణ పట్టికలో గుణకం 1.65.

సేఫ్టీ స్టాక్ = 1.65 × 20 = 33

ఆర్డర్ పెట్టవలసిన మట్టం, అంటే రీఆర్డర్ లెవెల్, 160 + 33 = 193. నిల్వ 193కు దిగగానే ఆర్డర్ వెళ్లాలి. రీఆర్డర్ లెవెల్‌నే సేఫ్టీ స్టాక్ అని రాసిన జవాబు పత్రాలు చాలా చూశాను. సేఫ్టీ స్టాక్ అందులో ఒక భాగం మాత్రమే. మిగతాది లోడు వచ్చేలోపు మామూలుగా అమ్ముడుపోయేది.

సేవా స్థాయిని పెంచుతూ పోతే ఏమవుతుందో కూడా చూడండి. 90 శాతానికి గుణకం 1.28, నిల్వ 26. 95 శాతానికి 33. 99 శాతానికి గుణకం 2.33, నిల్వ 47. 99.9 శాతానికి 3.09, నిల్వ 62. తొంభై నుంచి తొంభై అయిదుకు పోవడానికి 7 పుస్తకాలు చాలు. 99 నుంచి 99.9కి, అంటే ఒక శాతం కన్నా తక్కువ మెరుగుదలకు, 15 కావాలి. నూటికి నూరు శాతం అనే హామీని ఎంత నిల్వతోనూ కొనలేం.

మీ కాస్ట్ అకౌంటింగ్ పాఠంలో మరో పద్ధతి ఉంటుంది. గరిష్ఠ వినియోగాన్ని గరిష్ఠ లీడ్ టైమ్‌తో గుణిస్తే రీఆర్డర్ లెవెల్, అందులోంచి సగటు వినియోగం, సగటు లీడ్ టైమ్‌ల లబ్ధాన్ని తీసేస్తే కనిష్ఠ మట్టం. ఆ కనిష్ఠ మట్టం చేసే పని సేఫ్టీ స్టాక్‌దే. మన పుస్తకాలకు గరిష్ఠ అమ్మకం రోజుకు 60, గరిష్ఠ లీడ్ టైమ్ 6 రోజులు అయితే 360 − 160 = 200 వస్తుంది. 33 ఎక్కడ, 200 ఎక్కడ! ఈ పద్ధతి ఆరు రోజులూ వరుసగా గరిష్ఠ అమ్మకమే జరుగుతుందని, అదే సమయంలో లోడు కూడా గరిష్ఠంగా ఆలస్యమవుతుందని అనుకుంటుంది. పరీక్షలో అడిగిన పద్ధతే రాయండి. నిజమైన గోడౌన్‌కు మాత్రం, ప్రాణాధారమైన వస్తువు కాకపోతే, నేను మొదటి పద్ధతినే నమ్ముతాను.

అయితే మొదటి పద్ధతికీ ఒక హద్దు ఉంది. అమ్మకాలు సగటుకు అటూ ఇటూ సమంగా పరచుకుని ఉన్నప్పుడే ఆ గుణకాలు పనిచేస్తాయి. నెలకు రెండో మూడో అమ్ముడయ్యే విడిభాగానికి ఈ లెక్క వేస్తే వచ్చే అంకెను నమ్మకూడదు.

లెక్క సరిపోయిందో లేదో తెలుసుకునే సులువైన పరీక్ష ఒకటి ఉంది. కొత్త లోడు దిగే ముందు గోడౌన్‌లో ఎన్ని పుస్తకాలు మిగిలాయో ప్రతిసారీ రాసిపెట్టండి. మన వ్యాపారి రిజిస్టర్‌లో పది చక్రాలకు ఈ అంకెలు ఉన్నాయనుకుందాం: 38, 12, 45, 27, 0, 51, 33, 20, 61, 40. సగటు 32.7. అంటే అనుకున్న 33 దగ్గరే ఉంది. ఒకసారి సున్నాకు దిగడం, ఒకసారి 61 మిగలడం రెండూ మామూలే. ఇదే వరుసలో ప్రతిసారీ 120, 140 మిగులుతుంటే అక్కరలేని భద్రతను మోస్తున్నట్టు. పదింట నాలుగుసార్లు సున్నా కనిపిస్తే లెక్కలో ఎక్కడో లోపం ఉన్నట్టు. ఆ లోపం చాలాసార్లు అమ్మకంలో ఉండదు, లీడ్ టైమ్‌లో ఉంటుంది.

దాన్ని కూడా చూద్దాం. ఆయన వేరే ముద్రణాలయానికి మారాడనుకోండి. గత పది లోడ్లు చేరిన రోజులు: 4, 5, 3, 4, 6, 3, 4, 3, 5, 3. సగటు ఇప్పటికీ 4 రోజులే. పైప్‌లైన్ మారదు, 160. కానీ రాకలో ఒక రోజు విచలనం వచ్చింది. ఒక రోజు ఆలస్యమంటే 40 పుస్తకాల లోటు. రెండు అనిశ్చితులను కలిపే సూత్రం ఇది:

```
√(4 × 10² + 40² × 1²) = √(400 + 1600) ≈ 44.7
1.65 × 44.7 ≈ 74
```

సేఫ్టీ స్టాక్ 33 నుంచి 74కు ఎగిసింది. వర్గమూలం లోపల చూడండి. కొనేవాళ్ల మనసు మారడం వల్ల వచ్చింది 400, లారీ రోజు తప్పడం వల్ల వచ్చింది 1600. వినియోగదారుల మీద నెపం వేసే ముందు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అయిదో మెట్టు: యాంటిసిపేషన్ స్టాక్

విద్యాసంవత్సరం మొదలయ్యే నెలలో అమ్మకం రోజుకు 40 నుంచి 120కి పెరుగుతుంది. ముప్ఫై రోజుల్లో 3,600 పుస్తకాలు. ముద్రణాలయం ఎంత కష్టపడినా ఈ వ్యాపారికి రోజుకు 80కి మించి ఇవ్వలేదు. ముప్ఫై రోజుల్లో 2,400. తేడా 1,200. ఈ పన్నెండు వందలు సీజన్ మొదలయ్యేనాటికే గోడౌన్‌లో ఉండాలి.

ఎప్పటి నుంచి కూడబెట్టాలి? సీజన్‌కు ముందు రోజుకు 80 వస్తే 40 అమ్ముడవుతాయి, 40 మిగులుతాయి. 1,200 ÷ 40 = 30 రోజులు. కాబట్టి నెల ముందే సరఫరాను రెట్టింపు చేయించాలి. నిల్వ ముప్ఫై రోజులు పెరిగి, ముప్ఫై రోజులు తరిగి, సున్నాకు చేరుతుంది. ఆ 60 రోజుల్లో సగటు 600.

సరఫరాకు రోజుకు 80 అన్న హద్దు లేకపోతే ఈ నిల్వే అక్కరలేదు. గిరాకీ పెరగడం ఒక్కటే యాంటిసిపేషన్ స్టాక్‌కు కారణం కాదు. గిరాకీ పెరిగినప్పుడు సరఫరా దానితోపాటు పెరగలేకపోవడం అసలు కారణం. ముద్రణాలయం మరమ్మతుల కోసం రెండు వారాలు మూసేస్తామని ముందే చెబితే, గిరాకీ ఏమాత్రం మారకపోయినా, అప్పుడు కూడబెట్టేదీ యాంటిసిపేషన్ స్టాకే. యంత్రం హఠాత్తుగా చెడిపోతుందేమోనని ఉంచేది మాత్రం సేఫ్టీ స్టాక్. తేదీ ముందే తెలుసా? తెలిస్తే యాంటిసిపేషన్, తెలియకపోతే సేఫ్టీ. పరీక్షలో ఏదైనా ఉదాహరణ ఇచ్చి ఇది ఏ నిల్వ అని అడిగితే ముందు ఈ ప్రశ్నే వేసుకోండి.

ఈ నిల్వలోని చిక్కు అంచనాలో ఉంది. మొత్తం అంచనా 3,600లో పది శాతం పొరపాటు అంటే 360 పుస్తకాలు. అది చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ కూడబెట్టిన 1,200తో పోల్చితే 30 శాతం. సరఫరా 2,400 స్థిరంగా ఉంది కాబట్టి అంచనాలోని తప్పు మొత్తం ఈ నిల్వ మీదే పడుతుంది.

అందుకే సీజన్ మొదలయ్యాక చేతులు కట్టుకుని కూర్చోకూడదు. పదో రోజున లెక్క చూడండి. పథకం ప్రకారం పది రోజుల్లో 1,200 అమ్ముడై, 800 వచ్చి, కూడబెట్టిన నిల్వ 800కు దిగాలి. లెక్కిస్తే 950 ఉన్నాయనుకుందాం. అంటే అమ్మింది 1,050, రోజుకు 105. ఇదే వేగం సాగితే మిగతా 20 రోజులకు 2,100 చాలు. చేతిలో 950, రాబోయేవి 1,600, మొత్తం 2,550. కాబట్టి 450 మిగిలిపోతాయి. ఇంకా రావలసిన ఆర్డర్లలో 450 తగ్గించమని ఈరోజే చెప్పాలి. ఇప్పటికే దారిలో ఉన్న లోడును ఆపలేం, లీడ్ టైమ్ 4 రోజులు. ఇదే లెక్క ఇరవై ఏడో రోజున చేస్తే తగ్గించడానికి ఏమీ మిగలదు, మిగులు మరుసటి సీజన్ దాకా అటక మీదే ఉంటుంది.

ఆరో మెట్టు: ఒకే అంకెను నాలుగుగా విడదీయడం

సీజన్ మొదలయ్యే రోజు ఉదయం గోడౌన్‌లో 1,390 పుస్తకాలు ఉన్నాయి. దారిలో 400 పుస్తకాల లోడు ఉంది. అమ్మకం ఎక్కువగా ఊగిసలాడే నెల కాబట్టి రోజువారీ విచలనాన్ని 30గా తీసుకుని (1.65 × 30 × √4) సేఫ్టీ స్టాక్‌ను సుమారు 100కు పెంచాడు.

దారిలోని 400 పైప్‌లైన్. దాన్ని ముందే పక్కన పెట్టండి. ఆ రోజు దారిలో కనిపించేది 400 అయినా సగటు వేరు. కూడబెట్టే కాలంలో రోజుకు 80 చొప్పున వస్తున్నాయి కాబట్టి అది 80 × 4 = 320. గోడౌన్‌లోని 1,390లో పథకం ప్రకారం కూడబెట్టింది 1,200, యాంటిసిపేషన్. మిగిలిన 190లో 100 సేఫ్టీ. ఆఖరికి మిగిలిన 90 సైకిల్ స్టాక్, అంటే ప్రస్తుత లోడులో ఇంకా అమ్ముడుపోనిది.

విడదీయడానికి ఈ వరుసే మేలు. పైప్‌లైన్‌కు స్థలం వేరు, యాంటిసిపేషన్‌కు పథకం ఉంది, సేఫ్టీకి లెక్క ఉంది. సైకిల్ స్టాక్‌కు విడిగా గుర్తు లేదు కాబట్టి అది చివర మిగిలేదే. ఈ శేషం రుణ సంఖ్య వస్తే, యాంటిసిపేషన్ పథకం వెనకబడిందని గానీ సేఫ్టీ స్టాక్‌ను ఇప్పటికే వాడుకుంటున్నారని గానీ అర్థం. శేషం ఒక ఆర్డర్ పరిమాణం కన్నా ఎక్కువ వస్తే, ఏ కారణానికీ చెందని సరుకు గోడౌన్‌లో ఉంది.

ఏడో మెట్టు: నిల్వ తగ్గించమన్నప్పుడు ఏది తగ్గించాలి?

మామూలు నెలలకు తిరిగి వద్దాం. గోడౌన్ సగటు నిల్వ 200 + 33 = 233. యజమాని నిల్వ తగ్గించమన్నాడు. అందరి చూపూ ముందు సేఫ్టీ స్టాక్ మీద పడుతుంది, ఎందుకంటే అది చాలా రోజులు కదలకుండా పడి ఉంటుంది.

దాన్ని పూర్తిగా తీసేస్తే 33 పుస్తకాలు తగ్గుతాయి. ఏడాదికి 360 రోజుల చొప్పున 36 ఆర్డర్లు. 95 శాతం సేవా స్థాయి దగ్గర అందులో సుమారు 2 చక్రాల్లో సరుకు అయిపోయేది. ఇప్పుడు సగం చక్రాల్లో, అంటే ఏడాదికి 18 సార్లు అయిపోతుంది.

దాని బదులు ఆర్డర్‌ను 400 నుంచి 300కు తగ్గిస్తే సైకిల్ స్టాక్ 150 అవుతుంది, 50 పుస్తకాలు తగ్గుతాయి. ఆర్డర్లు 36 నుంచి 48కి పెరుగుతాయి కాబట్టి ప్రమాదకాలాలూ పెరిగి, సరుకు అయిపోయేది ఏడాదికి రెండుసార్లకు బదులు రెండు, మూడుసార్లు అవుతుంది. అదనపు 12 ఆర్డర్ల ఖర్చు భరించగలిగితే ఇదే ఎక్కువ తగ్గింపు, తక్కువ నష్టం.

రెండో ముద్రణాలయంతో పనిచేస్తూ 74 పుస్తకాల సేఫ్టీ స్టాక్ మోస్తున్నట్టయితే ఇంకా మంచి దారి ఉంది. లోడు తొందరగా పంపమని అడగనక్కరలేదు. చెప్పిన రోజుకే పంపమని అడిగితే చాలు. రాకలో విచలనం ఒక రోజు నుంచి అర రోజుకు తగ్గితే సూత్రంలో 1600 కాస్తా 400 అవుతుంది. √800 అంటే 28.3, దానికి 1.65 రెట్లు 47. సేవా స్థాయిని అలాగే ఉంచి 27 పుస్తకాలు తగ్గించినట్టే. ఆ మాట అడగడానికి వెళ్లేటప్పుడు గత పది లోడ్లు ఏ రోజున బయలుదేరి ఏ రోజున చేరాయో రాసిన పుటను వెంట తీసుకెళ్లండి. ఆలస్యం ముద్రణలో జరిగిందో, రవాణాలో జరిగిందో ఆ తేదీలే చూపిస్తాయి. దాన్నిబట్టి ఎవరితో మాట్లాడాలో తేలుతుంది.